పెళ్లి కవరులో ఏం రాయాలి?

"స్నేహితురాలి పెళ్లి. కానుకలు వద్దు, కొత్త కాపురానికి పనికొచ్చేలా డబ్బే ఇవ్వమన్నారు. ఉత్త డబ్బు పెట్టి ఇస్తే ముభావంగా ఉంటుందేమో. కార్డులో ఏం రాయను?"

వాళ్లే అడిగారు కాబట్టి "ఏం కొనాలో తెలియక" అని సంజాయిషీ రాయకండి. అది చదివితే, అడిగినందుకు వాళ్లే నొచ్చుకుంటారు. ఎంత ఇస్తున్నారో కూడా కార్డులో రాయొద్దు, ఆ కార్డు పదిమంది చేతుల్లో తిరుగుతుంది. చదివింపుల పుస్తకం రాసేవారికోసం కవరు వెనక మీ ఇంటిపేరు, పేరు, ఊరు, ఎంత ఇస్తున్నారో రాస్తే చాలు. కవరుకి రూపాయి బిళ్ల అతికించి ఉంటే, 2,116 చదివించాలంటే లోపల 2,115 పెట్టాలి. ఇక్కడే చాలామంది పొరబడతారు.

కార్డులో ఆ డబ్బు దేనికో ఒక్క మాట, మీ ఇద్దరి జ్ఞాపకం ఒకటి ఉంటే ముభావంగా ఉండదు. నేనైతే ఇలా రాస్తాను:

"హాస్టల్ గదిలో ఒకే గిన్నెలో ఉప్మా తిన్నాం. ఇప్పుడు నీ సొంత వంటిల్లు! అందులో ఒక గిన్నె నా తరఫున కొనుక్కో. బావగారికీ నీకూ నిండు నూరేళ్ల పచ్చని కాపురం కావాలని కోరుకుంటూ, నీ..."

ఉప్మా బదులు మీ జ్ఞాపకం పెట్టండి. వాళ్లు డబ్బు ఫలానా దానికని చెప్పి ఉంటే, గిన్నె బదులు దాని పేరే రాయండి. చెప్పకపోతే "మీ కొత్త ఇంటికి" అంటే సరిపోతుంది.