తలుపుల షెడ్యూల్‌లో సైజు రాశారు సరే, అది దేని సైజు?

"డి1 1000 x 2100 అని షెడ్యూల్‌లో పెట్టాను, కార్పెంటర్ రెక్కే ఆ సైజులో చేసేశాడు, గుమ్మంలో పట్టట్లేదు. తప్పెక్కడ?"

తప్పు కార్పెంటర్‌ది కాదండీ, ఆ 1000 దేనిదో షీట్‌లో ఎక్కడా లేదు. తాపీ మేస్త్రి గోడ ఓపెనింగ్ అనుకుంటాడు, కార్పెంటర్ రెక్క అనుకుంటాడు. షెడ్యూల్‌లో ఓపెనింగ్, ఫ్రేమ్ బయటి కొలత, రెక్క అని మూడు కాలమ్స్ పెట్టండి.

మీ డి1కే చూద్దాం. ఫ్రేమ్ బయటి కొలత 1000 మి.మీ., ఫ్రేమ్ చెక్క మందం 65 అనుకుంటే రెండు పక్కలా పోగా లోపల 870 మిగులుతుంది, రెక్క కూర్చునే గాడి పక్కకి 12 చొప్పున కలిపితే 894, సందు పక్కకి 3 వదిలితే రెక్క 888. మన కోనసీమలో వానాకాలం చెక్క ఉబ్బుతుంది కదా, ఆ సందు మాత్రం తగ్గించకండి.

ఈ లెక్కంతా 1:5 స్కేల్‌లో ఫ్రేమ్ అడ్డకోతగా గీసి, దాని డీటెయిల్ నంబరు షెడ్యూల్‌లో డి1 వరసలోనే రాయండి. ఇంకోటి, 2100 ఎత్తు టైల్స్ పైనుంచి అని రాయాలి, టైల్, కింద మాలు కలిపి 50 వస్తే మేస్త్రి స్లాబ్ మీదనుంచి 2150 వదలాలి, లేకపోతే రేపు రెక్క కింద కోయాల్సొస్తుంది.

చేసిన 1000 రెక్కని 888కి తేవాలని 112 కోస్తే దాని నిలువు చట్రం పోతుంది, కోయించకండి.