కలవరింతలో కల ఉందా?

సందేహం: మా ఎనిమిదేళ్ల అబ్బాయి ఒక రాత్రి నిద్రలో "వద్దు, వద్దు" అని గట్టిగా అన్నాడు. ఇంకో రాత్రి లేచి వెళ్లి తలుపు గడియ తీయబోయాడు. కలవరించడం అంటే కలలోది పైకి అనడమే కదా, మాటలోనే కల ఉంది? నిద్రలో నడవడాన్ని 'స్వప్నసంచారం' అనవచ్చా?

సమాధానం: చెవికి అలాగే తోస్తుంది గానీ, 'కలవరించు' చుట్టాలు కలత, కలగు, కలవరం. తమిళం చూస్తే తేడా తెలుస్తుంది. అక్కడ కల 'కనవు', గొడవ 'కలవరం'. తెలుగులో రెండూ ఒకేలా వినిపించడం వల్ల మనం ముడివేశాం.

మన వ్యాకరణం మాత్రం రెంటినీ చక్కగా వేరు చేస్తుంది. "నాకు కల వచ్చింది" అని ఎవరికి వారే చెప్పగలం. కలవరింత దగ్గరికి వచ్చేసరికి "రాత్రి నేను కలవరించానట" అంటాం. ఆ 'అట' చాలా విలువైనది. ఆ మాటలు విన్నది పక్కవాళ్లు, మనకు గుర్తుండవు. ఇంకొకరి కలకైతే 'అట' అటు చేరుతుంది: "వాడికి కల వచ్చిందట". వాడు చెబితేనే మనకు తెలుస్తుంది.

నిద్ర పరిశోధన కూడా ఈ తేడానే చూపిస్తోంది. కథలా సాగే స్పష్టమైన కలలు ఎక్కువగా కనుగుడ్లు వేగంగా కదిలే నిద్రలో వస్తాయి. అప్పుడు కాళ్లూ చేతుల కండరాలు సడలి ఉంటాయి, అందుకే కలలో పరుగెత్తినా మంచం మీదే ఉంటాం. నిద్రలో నడక సాధారణంగా పడుకున్న మొదటి రెండు మూడు గంటల్లో, గాఢనిద్ర నుంచి సగం మెలకువ వచ్చినప్పుడు మొదలవుతుంది. నడవడానికి సరిపడా మేలుకున్న మెదడు, తెలివి రావడానికి సరిపడా మేలుకోదు. అలా నడిచేవాళ్లలో కొందరికి ఏదో తోచినట్టు లీలగా గుర్తుంటుంది, అంతమాత్రాన నడిచిన దారి కలలోని దారి అనలేం. అందుకే 'స్వప్నసంచారం' నాకు నచ్చదు. 'నిద్రలో నడక' చాలు.

మాటలు ఏ దశ నిద్రలోనైనా రావచ్చు. 2017లో ఫ్రాన్సులో నిద్ర పరిశోధకురాలు ఇసబెల్ ఆర్నుల్ఫ్ బృందం 232 మంది నిద్రమాటలను పరిశీలించింది. సగానికి పైగా గొణుగుడు, అరుపు, నవ్వు వంటివే. స్పష్టమైన మాటల్లో అన్నిటికన్నా ఎక్కువగా వినిపించింది 'నో'కు సమానమైన ఫ్రెంచి మాట. అంటే మీరు విన్న "వద్దు" నిద్రలో తరచుగా వచ్చే రకం మాటే. దాన్నిబట్టి బడిలో ఎవరో బెదిరించారని, ఏదో దాస్తున్నాడని టెన్షన్ పడకండి. పొద్దున వాడు తానుగా ఏదైనా చెబితే వినండి, గుచ్చి గుచ్చి అడిగితే పిల్లలు అప్పటికప్పుడు కథ అల్లేస్తారు.

ఒక్క మినహాయింపు ఉంది. నడివయసు దాటినవాళ్లు తెల్లవారుజామున నిద్రలోనే తన్నడం, గుద్దడం చేస్తూ, లేపితే సరిగ్గా అలాంటి కలే చెబుతుంటే, కండరాలు సడలవలసిన చోట సడలడం లేదేమో. అది డాక్టరుకు చెప్పాల్సిన విషయం. మీ అబ్బాయి విషయంలో తలుపుకు పైగడియ కూడా వేసి, వాడు లేస్తే మెల్లగా నడిపించి పడుకోబెట్టండి.