బైనరీ నుంచి హెక్సాకి: బిట్లను ఏ వైపు నుంచి విడదీయాలి?

ప్రశ్న: సార్, మాది హైదరాబాద్, మలక్‌పేట. పాలిటెక్నిక్ కంప్యూటర్ బ్రాంచి ఫైనల్ ఇయర్, ఈసెట్‌కి చదువుతున్నాను. బైనరీని హెక్సాకి మార్చమంటే ముందు డెసిమల్ చేసి, ఆ తర్వాత 16తో భాగిస్తాను. టైమ్ సరిపోవట్లేదు. మా ఫ్రెండ్ బిట్లను గ్రూపులు చేయమన్నాడు కానీ, అలా చేస్తే ఒక్కోసారి ఆన్సర్ తప్పొస్తోంది. ఏ పద్ధతి నమ్మాలి?

జవాబు: మీ ఫ్రెండ్ చెప్పిందే నమ్మండి. ఈసెట్‌లో 200 ప్రశ్నలకు 180 నిమిషాలు, అంటే ఒక్కో ప్రశ్నకు 54 సెకన్లు. చేతిలో కాలిక్యులేటర్ ఉండదు. భాగహారాలు వేస్తూ కూర్చుంటే ఆ సమయం ఏ మూలకూ చాలదు. గ్రూపులు చేసినప్పుడు తప్పు ఎందుకొస్తోందో మీ రఫ్ పేజీ చూడకుండానే ఊహించగలను. ఎడమ వైపు నుంచి విడదీస్తున్నారు. నా దగ్గరికి వచ్చే పిల్లల్లో ఎక్కువమంది చేసేది ఇదే, ఎందుకంటే మనం చదివేది ఎడమ నుంచే కదా.

ఒక సంఖ్య తీసుకుందాం: 1011011101. ఇందులో పది బిట్లున్నాయి. కుడి చివర నుంచి నాలుగేసి చొప్పున గీతలు పెట్టుకుంటూ రండి. చివరికి ఎడమన రెండు బిట్లు మిగులుతాయి. వాటి ముందు రెండు సున్నాలు చేర్చండి.

```
0010 1101 1101
  2    D    D
```

జవాబు 2DD. 1101 అంటే 8+4+1, మొత్తం 13, హెక్సాలో D. అదే సంఖ్యను మూడేసి చొప్పున విడదీస్తే ఆక్టల్ వస్తుంది.

```
001 011 011 101
 1   3   3   5
```

ఇది ఎందుకు పనిచేస్తుందో తెలిస్తే పద్ధతి మర్చిపోరు. బైనరీలో ఒక స్థానం ఎడమకు జరిగితే విలువ రెట్టింపవుతుంది. నాలుగు స్థానాలు జరిగితే 16 రెట్లవుతుంది. హెక్సాలో ఒక స్థానం జరిగినా 16 రెట్లే. అందుకే నాలుగు బిట్లు సరిగ్గా ఒక హెక్సా అంకెలో ఇమిడిపోతాయి, పక్క గ్రూపు జోలికి పోవు. మూడు స్థానాలకు 8 రెట్లు, అది ఆక్టల్. పదికి మాత్రం ఈ వీలు లేదు. రెండును ఎన్నిసార్లు హెచ్చించినా పది రాదు, కాబట్టి డెసిమల్‌కి మార్చాలంటే బిట్లన్నిటి విలువలూ కూడాల్సిందే.

ఇప్పుడు అదే సంఖ్యను ఎడమ నుంచి విడదీసి చూడండి: 1011, 0111, 01. జవాబు B71 అని వస్తుంది. అసలు విలువ 733 అయితే, B71 విలువ 2929. పరీక్ష హాల్లో ఇంత లెక్క వేయకుండానే తప్పు పట్టుకోవచ్చు. పది బిట్లలో రెండు గ్రూపులకు ఎనిమిది పోతే, మొదటి అంకెకు మిగిలేది రెండే. రెండు బిట్లతో 3 కంటే పెద్ద అంకె రాదు. మొదట్లో B కనిపించిందంటే గీతలు తప్పు చోట పడ్డట్టే.

పాయింట్ ఉన్న సంఖ్యల దగ్గర ఇంకొంచెం జాగ్రత్త కావాలి. అక్కడ లెక్క పాయింట్ దగ్గర మొదలవుతుంది. పూర్ణాంక భాగాన్ని పాయింట్ నుంచి ఎడమకు, భిన్న భాగాన్ని పాయింట్ నుంచి కుడికి విడదీయాలి. 101101.01101 తీసుకోండి.

```
0010 1101 . 0110 1000
  2    D  .   6    8
```

భిన్న భాగం చివర ఒక్క 1 మిగిలింది. దానికి సున్నాలు కుడి పక్కన చేర్చాం కాబట్టి 8 వచ్చింది. అలవాటుగా ముందు చేరిస్తే 0001 అయి 2D.61 వస్తుంది. అప్పుడు ఆ బిట్టు తన చోటు వదిలి మూడు స్థానాలు కుడికి జరిగి, విలువ ఎనిమిదో వంతుకు పడిపోతుంది. ఆప్షన్లలో ఇలాంటి జవాబు కనిపిస్తే తొందరపడకండి.

హెక్సా నుంచి ఆక్టల్‌కి మార్చమన్నా డెసిమల్ అక్కర్లేదు. 2DDని నాలుగేసి బిట్లుగా విప్పి రాయండి, పాత గీతలు మర్చిపోయి కుడి నుంచి మూడేసి చొప్పున కొత్త గీతలు పెట్టండి. 1335 వస్తుంది. విప్పేటప్పుడు 2ని 10 అని కాక 0010 అని పూర్తిగా రాయండి. మొదటి అంకె దగ్గర సున్నాలు వదిలేసినా ఫర్వాలేదు గానీ, మధ్య అంకెలో వదిలేస్తే మొత్తం జరిగిపోతుంది.

రోజూ ఐదారు సంఖ్యలు మీరే రాసుకుని మార్చండి. ఇంట్లో పైథాన్ ఉంటే జవాబు సరిచూసుకోవచ్చు:

```
hex(0b1011011101)   # '0x2dd'
oct(0b1011011101)   # '0o1335'
```

పాయింట్ ఉన్న బైనరీ సంఖ్యను ఇలా ఇస్తే పైథాన్ తీసుకోదు. వాటిని మాత్రం వెనక్కి బిట్లుగా విప్పి, మొదటి సంఖ్యతో కాగితం మీదే పోల్చుకోండి.