ఆవు కన్ను, నాన్న ముక్కు: రెండూ ఒకే పుండు కాదు

ప్రశ్న: మా ఎనిమిదేళ్ల హెచ్‌ఎఫ్ సంకర ఆవుకు ఎడమ కంటి మూలలో మూడు నెలలుగా ఎర్రటి కండ పెరుగుతోంది. గడ్డి పుల్ల గుచ్చుకుందనుకుని మందుల షాపులో ఇచ్చిన ఆయింట్‌మెంట్ రాశాం. కాస్త తగ్గి మళ్లీ పెరిగింది. ఇప్పుడు షాపతను క్యాన్సర్ కావచ్చంటున్నాడు. పాలు పితికే మా నాన్నకు (68 ఏళ్లు) కూడా ముక్కు పక్కన మూడేళ్లుగా నల్లటి పులిపిరి ఉంది, ఈ మధ్య పుండు పడింది. ఆవు నుంచి అంటిందా? సున్నం, సోడా కలిపి కాల్చేయమంటున్నారు. రెంటికీ ఒకే మందు పనికొస్తుందా? ఫొటోలు పంపాను.
– ఒక పాడిరైతు, పలమనేరు మండలం, చిత్తూరు జిల్లా

జవాబు: అంటలేదు. ఆవు క్యాన్సర్ మనిషికి రాదు, మనిషిది ఆవుకు పోదు. ఆ టెన్షన్ వదిలేయండి. ముందు సున్నం డబ్బా పక్కన పెట్టండి. మిగతాది తర్వాత మాట్లాడుకుందాం.

ఫొటోల్లో నాకు కనిపించినంతవరకు ఆవుది గడ్డి పుల్ల గాయం కాదు, నాన్నగారిది పులిపిరీ కాదు. రెండూ చర్మ క్యాన్సర్లేనని నా అనుమానం. కానీ రకాలు వేరు. మూడేళ్లుగా ఉంది కాబట్టి నాన్నగారిదే ముదిరిందని, ఆవుది మొన్న మొన్నటిది కాబట్టి చిన్నదని మీరు అనుకుంటున్నట్టుంది. పాకడం విషయానికొస్తే లెక్క తిరగబడుతుంది.

చర్మం పైపొరలో అన్నిటికన్నా కింద ఒక వరస కణాలుంటాయి. నారుమడి లాంటిది ఆ వరస. కొత్త కణాలు అక్కడే పుడతాయి. వాటిని బేసల్ సెల్స్ అంటారు. అవి పైకి జరుగుతూ పలచబడి పొలుసుల్లా అవుతాయి, అప్పుడు వాటి పేరు స్క్వామస్ సెల్స్. కింది వరస నుంచి పుట్టే క్యాన్సర్ ఒకటి, పై పొలుసుల నుంచి పుట్టేది ఇంకొకటి. ఎండ రెంటికీ కారణమే.

నేను పశువుల డాక్టర్ని. మనుషుల రోగాల మీద మాట్లాడే హక్కు నాకు కొంతవరకే ఉంది. అందుకే నాన్నగారి ఫొటోను చర్మవ్యాధుల డాక్టరైన మిత్రుడికి చూపించి ఆయన అన్నదే రాస్తున్నాను. పగటి వెలుతురులో టార్చిని పక్క నుంచి వేసి, చుట్టూ చర్మాన్ని వేళ్లతో కొంచెం లాగి చూడండి. అంచు చిన్న చిన్న పూసలు గుచ్చినట్టు ఉబ్బి, ముత్యంలా నిగనిగలాడుతుంటే, మధ్యలో గుంట పడి చెక్కు కట్టి ఉంటే, అది బేసల్ సెల్ రకం కావడానికే ఎక్కువ అవకాశం. తువ్వాలుతో ముఖం తుడుచుకోగానే చెక్కు ఊడి కాస్త రక్తం కారుతుంది. వారానికి మానినట్టు కనిపిస్తుంది, మళ్లీ ఊడుతుంది. తెల్లవాళ్లలో ఇది గులాబీ రంగులో ఉంటుంది. మన చర్మంలో చాలాసార్లు నల్లగానే ఉంటుంది. అందుకే అందరూ పుట్టుమచ్చ అనో పులిపిరి అనో వదిలేస్తారు. నల్లగా ఉండేవాటిలో మెలనోమా అనే ప్రమాదకరమైనది కూడా ఒకటుంది. ఫొటో చూసి రెంటినీ విడదీయలేం, ముక్క తీసి చూడాల్సిందే.

బేసల్ సెల్ రకం నెమ్మదిగా పెరుగుతుంది. మెడ బిళ్లలకో ఊపిరితిత్తులకో పాకడం చాలా అరుదు, నూటికి ఒకరికి కూడా ఉండదు. అలాగని దాన్ని సాధువనుకోవద్దు. దూరం పోదు గానీ ఉన్నచోటే తవ్వుకుంటూ పోతుంది. ఎలుక కొరికినట్టు ముక్కు మెత్తటి ఎముకనూ, కంటి రెప్పనూ తినేస్తుంది. ఇప్పుడు నాన్నగారిది చిన్న కోతతో పోతుంది. ఇంకో మూడేళ్లాగితే ముక్కు రెక్క మొత్తం పోయి, నుదుటి చర్మం తెచ్చి అతికించాల్సి రావచ్చు.

స్క్వామస్ సెల్ రకం తీరు వేరు. నెలల్లోనే, ఒక్కోసారి వారాల్లోనే పెరుగుతుంది. గరుకుగా, ఎర్రగా, పొలుసులు రాలుతూ మొదలై కాలీఫ్లవర్‌లానో, గట్టి అంచున్న పుండులానో తయారవుతుంది. కింద వేలితో నొక్కితే గట్టిగా తగులుతుంది. ఎండ తగిలే కింది పెదవి, చెవి అంచు, ముంజేయి దీనికి ఇష్టమైన చోట్లు. మన దేశంలో ఇంకో చోటు కూడా ఉంది, పాత కాలిన మచ్చ. పదేళ్లో ఇరవయ్యేళ్లో మానిపోయి ఉన్న మచ్చ మీద మానని పుండు లేస్తే ముందు దీన్నే అనుమానించాలి. నడుము దగ్గర పంచె, చీర కుచ్చిళ్లు, లంగా నాడా బిగించే చోట ఏళ్ల తరబడి ఒరుసుకుని నల్లబడ్డ గీత మీద వచ్చేది కూడా ఇదే. డాక్టర్లు దాన్ని చీర క్యాన్సర్, పంచె క్యాన్సర్ అనే పిలుస్తారు. మొత్తం మీద నూటికి ఇద్దరి నుంచి ఐదుగురి వరకు ఇది బిళ్లలకు పాకుతుంది. పెదవి, చెవి, కాలిన మచ్చ మీద వచ్చినా, రెండు సెంటీమీటర్లు దాటినా ఆ ప్రమాదం ఇంకా ఎక్కువ.

మీ ఆవుది ఈ రెండో రకమే అనిపిస్తోంది. పశువుల్లో బేసల్ సెల్ గడ్డలు కుక్కల్లో, పిల్లుల్లో కనిపిస్తాయి, ఎక్కువ శాతం హానిలేనివే. ఆవుల్లో అరుదు. ఆవు కంట్లో పెరిగే ఎర్ర కండంటే నాకు ముందు తట్టేది స్క్వామస్ సెల్లే. మీ ఫొటోలో ముక్కు వైపు మూలనుంచి కనుగుడ్డు మీదికి జరిగే మూడో రెప్ప అంచున, చిక్కుడు గింజంత, పండిన నేరేడు తోలు తీసినట్టు గరుకుగా ఉంది. కంటి కింద నీరు కారిన గీత ఉంది. చుట్టూ చర్మం గులాబీ రంగు. ఆ రంగే అసలు విషయం. మన ఒంగోలు ఆవును చూడండి, ఒళ్లంతా తెలుపైనా కంటి చుట్టూ కాటుక పెట్టినట్టు నల్లటి అంచుంటుంది. మీ ఆవుకు ఆ కాటుక లేదు, ఎనిమిదేళ్లు ఎండలో నిలబడింది.

ఇక షాపు ఆయింట్‌మెంట్ సంగతి. ట్యూబు మీద పేరు చదవండి. డెక్సామెథసోన్ గానీ బీటామెథసోన్ గానీ ఉంటే అది స్టెరాయిడ్. ఎరుపు, వాపు లాగేసి నాలుగు రోజులు మానినట్టు చూపిస్తుంది. మీకు “కాస్త తగ్గింది” అనిపించింది అందుకే కావచ్చు. కింద కండ పెరుగుతూనే ఉంది, మూడు నెలలు పోయాయి. కంటికి పెట్టే మందు కన్ను చూడకుండా ఇచ్చేవాడు, ముక్కుకు పెట్టే మందు ముక్కు చూడకుండానే ఇస్తాడు. అతను డిస్కౌంట్ ఇచ్చాడని మీరు సంబరపడితే నేనేం చేయను!

సున్నం, సోడా సంగతి ఇంకా దారుణం. అది పైనున్నదాన్ని కాల్చేస్తుంది, అడుగున వేర్లు మిగులుతాయి. వాటి మీద మచ్చ కట్టి నున్నగా కనిపిస్తుంది. తర్వాత సర్జన్ కత్తి పట్టుకుంటే రోగం ఎక్కడ ఆగిందో, మచ్చ ఎక్కడ మొదలైందో తెలియదు. ముక్కు పక్కన కంటికి వేలెడు దూరంలో సున్నం పెడితే కన్ను పోవచ్చు. కాలిన మచ్చ ఏమవుతుందో పైన రాశాను.

ఇప్పుడు చేయాల్సింది. ఇద్దరికీ తిరుపతే. ఆవును వెటర్నరీ కాలేజీ ఆసుపత్రికి, నాన్నగారిని స్విమ్స్‌కి తీసుకెళ్లండి. ఆవు పని ఈ వారంలో, నాన్నగారిది ఈ నెల దాటకుండా. బయల్దేరే ముందు ఆవు చెవి మొదట్లో, దవడ వెనక చెయ్యి పెట్టి రెండు వైపులా తడిమి పోల్చండి. ఎడమ వైపు గట్టి బిళ్ల తగిలితే డాక్టర్‌కి ముందే చెప్పండి, దాన్నిబట్టి ఆపరేషన్ మారుతుంది.

బిళ్ల లేకపోతే, కండ మూడో రెప్పకే పరిమితమైతే పని తేలిక. కంట్లో మత్తు చుక్కలు వేసి, రెప్ప మొదట్లో 2 శాతం లిగ్నోకెయిన్ ఇచ్చి, ఆవు నిలబడి ఉండగానే మూడో రెప్పను లోపలి మెత్తటి ఎముకతో సహా తీసేస్తారు. పైన కండ మాత్రమే కత్తిరించి ఊరుకుంటే మళ్లీ వస్తుంది. నొప్పికి మెలాక్సికామ్ కిలో బరువుకు 0.5 మిల్లీగ్రాముల లెక్కన, అంటే 400 కిలోల ఆవుకు 200 మిల్లీగ్రాములు, డాక్టరే ఇస్తారు. ఎవరైనా డైక్లోఫెనాక్ ఇవ్వబోతే వద్దనండి, ఆ మందు వేసిన పశువుల కళేబరాలు తిని రాబందులు చస్తున్నాయని 2006లోనే పశువులకు నిషేధించారు. తర్వాత స్టెరాయిడ్ లేని యాంటిబయాటిక్ కంటి ఆయింట్‌మెంట్ రోజుకు మూడుసార్లు, ఏడు రోజులు. లేబుల్ మీద రాసినన్ని రోజులు ఆ పాలు కేంద్రానికి పోయొద్దు. గడ్డ కనుగుడ్డులోకి దిగి ఉంటే కన్ను మొత్తం తీయాలి. ఒంటి కంటి ఆవు పాలకేం తక్కువ చేయదు, భయపడకండి.

తీసిన ముక్కను చెత్తబుట్టలో వేయనివ్వకండి. ఈ మాట ప్రతి జవాబులోనూ రాస్తున్నాను, మళ్లీ రాస్తాను. ముక్కకు పది రెట్లు 10 శాతం ఫార్మలిన్ పోసిన వెడల్పు మూతి సీసాలో వేసి పరీక్షకు పంపించండి. అర సెంటీమీటరు కంటే మందంగా ఉంటే మందు లోపలికి దిగక మధ్యలో కుళ్లుతుంది, కాబట్టి కోసి వేయాలి. అంచుల్లో రోగం మిగిలిందా లేదా అన్నది ఆ కాగితమే చెబుతుంది, నా ఫొటో చూపు చెప్పదు.

నాన్నగారికి ముందు మూడు నాలుగు మిల్లీమీటర్ల ముక్క తీసి బయాప్సీ చేస్తారు. బేసల్ సెల్ అని తేలితే చుట్టూ 4 మిల్లీమీటర్ల మంచి చర్మంతో కలిపి కోసేస్తారు. ముక్కు మీద అంత చోటు ఉండదు. అలాంటప్పుడు ఒక్కో పలచటి పొర తీసి అక్కడికక్కడే మైక్రోస్కోపులో చూస్తూ, రోగం లేని అంచు వచ్చేదాకా తీసే పద్ధతి ఒకటుంది, మోస్ సర్జరీ అంటారు. అది ఉన్నచోట దొరికితే మేలు. ఆయన ఆరోగ్యం ఆపరేషన్‌కు తట్టుకోదనుకుంటే రేడియేషన్ ఇస్తారు. రాసుకునే క్రీములు ఒంటి మీద వచ్చే పలచటి మచ్చలకే, పుండు పడ్డ ముక్కుకు కాదు. కీమో మాట దాదాపు రాదు. ఒకవేళ స్క్వామస్ అని వస్తే ఇంకా వెడల్పుగా, 4 నుంచి 6 మిల్లీమీటర్లు, ప్రమాదం ఎక్కువైతే అంతకంటే ఎక్కువగా తీసి, మెడ బిళ్లలు తడిమి చూస్తారు. బిళ్లల్లో ఉంటే వాటినీ తీసి రేడియేషన్ ఇస్తారు. తిరగబెట్టేవి ఎక్కువగా మొదటి రెండేళ్లలోనే బయటపడతాయి కాబట్టి ఆ రెండేళ్లూ మూడు నుంచి ఆరు నెలలకోసారి చూపించుకోవాలి. ఆరోగ్యశ్రీ కార్డు, ఇప్పటి ఎన్టీఆర్ వైద్యసేవ, వెంట తీసుకెళ్లండి.

ఆవును ఆపరేషన్ తర్వాత పది నుంచి నాలుగు గంటల వరకు నీడలో కట్టేయండి. మూడు నెలలకు కుడి కన్ను కూడా చూపించండి, ఒక కంట్లో వచ్చిన ఆవుకు రెండో కంట్లోనూ రావచ్చు. ఈసారి ఎదకు వచ్చినప్పుడు, కంటి చుట్టూ నల్లగా ఉన్న కోడె వీర్యమే కావాలని ఇన్సెమినేటర్‌ని అడగండి. ఆ రంగు దూడకు వచ్చే అవకాశం ఎక్కువ.

– పశు శస్త్రచికిత్స శాస్త్రవేత్త