మనసు కలవలేదని మర్యాదగా చెప్పడం ఎలా?

*డేటింగ్ యాప్‌లో పరిచయమైన ఒకతన్ని మూడుసార్లు కలిశాను. మంచివాడే, వంక పెట్టడానికి ఏమీ లేదు, కానీ నాకు అతని మీద ఆకర్షణ కలగడం లేదు. ఆఫీసులో పని ఎక్కువగా ఉందని రెండుసార్లు దాటవేశాను. ఇప్పుడు ఆదివారం కలుద్దామంటున్నాడు. నొప్పించకుండా ఎలా తప్పుకోవాలి?*

పని ఒత్తిడి నేడో రేపో తీరేదే కనుక, ఆ మాట విన్న మనిషి అది తీరేదాకా ఆగి మళ్లీ అడుగుతాడు. అతను ఆదివారం ప్రస్తావన తేవడంలో మొండితనం ఏమీ లేదు, మీరు చెప్పినదాన్ని నమ్మాడంతే. "ప్రస్తుతానికి ఎవరితోనూ బంధం వద్దనుకుంటున్నాను" అన్నా ఇదే చిక్కు వస్తుంది, పైగా కొన్నాళ్లకు మీరు అదే యాప్‌లో కనిపిస్తే అబద్ధం చెప్పారని తెలిసి మరింత బాధపడతాడు.

అయితే ముందుగా మీ మనసు ఖాయమైందో లేదో చూసుకోండి. ఆదివారం రావడం కుదరదని అతనే మెసేజ్ పెడితే మీకు కాస్తయినా వెలితిగా అనిపిస్తుందా, లేక హమ్మయ్య అనిపిస్తుందా? కొందరిలో ఇష్టం నెమ్మదిగా కలుగుతుంది కనుక, వెలితి అనిపించేవారు ఇంకొకసారి కలిసి చూడటంలో తప్పు లేదు. హమ్మయ్య అనిపిస్తే మాత్రం ఇక వాయిదా వేయకండి.

మూడుసార్ల పరిచయానికి మెసేజ్ సరిపోతుంది. నెలల తరబడి సాగిన బంధమైనా, శారీరకంగా దగ్గరైన బంధమైనా ఫోన్ చేసి చెప్పడం న్యాయం. ఈ దశలో ముఖాముఖి చెప్పాలని పిలిస్తే, అతను ఆశతో ముస్తాబై వచ్చి, మీ ఎదుటే ఆ నిరాశను దిగమింగుకోవాల్సి వస్తుంది. మెసేజ్ ఇలా ఉండవచ్చు:

"మిమ్మల్ని కలిసి మాట్లాడటం బాగుంది. కానీ ప్రేమ దిశగా నాకు ఆ భావన కలగలేదు, అందుకే ఆదివారం రాలేను, ఇక ముందు కూడా కలవడం వద్దనుకుంటున్నాను. పని ఉందని దాటవేయకుండా ఈ మాట ముందే చెప్పాల్సింది, క్షమించండి."

ఇందులో "కలగలేదు" అన్నది తేలిపోయిన మాట. "ఇంకా కలగలేదు" అని రాస్తే, ఆ "ఇంకా" అన్న ఒక్క మాట పట్టుకుని అతను నెల రోజులు ఎదురుచూడగలడు. "స్నేహితులుగా ఉందాం" అన్నది కూడా, నిజంగా ఆ స్నేహం కావాలనుకుంటే తప్ప, ఓదార్పు కోసం చేర్చకండి. సాధారణంగా అది రెండో అవకాశంలాగే వినిపిస్తుంది.

కారణం అడిగితే ఒక్కసారి మాత్రం, "మీలో లోపమేమీ లేదు, నాకు ఆకర్షణ కలగలేదు, అంతకు మించి కారణం లేదు" అని చెప్పండి. అతని మాటతీరు, రూపం జోలికి వెళితే, వాటిని మార్చుకుంటానని బేరం మొదలవుతుంది. ఆ తర్వాత జాలిపడి రాత్రివేళ మాటలు కలపడం, అతని ఫొటోలకు లైక్ కొట్టడం మానేయండి. కోపంగా ఒక మాట అన్నా వాదించకుండా వదిలేయవచ్చు కానీ, దూషణకో బెదిరింపుకో దిగితే మాత్రం ఆ మెసేజ్‌ల స్క్రీన్‌షాట్లు దాచుకుని, వివరణ ఇవ్వకుండానే బ్లాక్ చేయండి.