రాత్రి ఎనిమిదికి లేవాలంటే ఏడున్నరకే క్యూ చూసుకోండి

"విజయనగరంలో ఇంట్లోనే కూర్చుని అమెజాన్ మెకానికల్ టర్క్ సైటులో హిట్లనే చిన్న చిన్న ఆన్‌లైన్ పనులు చేస్తున్నాను. రాత్రి ఎనిమిదికి పిల్లలకి అన్నం పెట్టడానికి లేవాలి. తిరిగి వచ్చేసరికి, నేను పట్టి పెట్టుకున్న హిట్ల క్యూలో రెండు మూడు టైం అయిపోయి ఉంటున్నాయి. అలారం పెట్టుకున్నా ఇంతే. బ్రేక్ ఎలా తీసుకోవాలి?"

లేవాల్సిన టైంకి పెట్టిన అలారం ఇక్కడ పనికిరాదండి. అది మోగేసరికే మీ చేతిలో హిట్లు ఉంటాయి. మీరు Accept కొట్టిన క్షణం నుంచే టైమర్ నడుస్తుంది. పేజీ తెరిచినా తెరవకపోయినా, బ్రౌజర్ మూసినా, కరెంటు పోయినా ఆగదు. కాబట్టి అలారం లేచే టైంకి అరగంట ముందు పెట్టండి. అది మోగగానే మొదటి పని కొత్త హిట్లు పట్టడం ఆపెయ్యడం.

ఆపడంలోనే చాలామంది రెండు చోట్ల తప్పుతారు. ఒకటి, హిట్ పేజీలో ఉండే Auto-accept next HIT అనే టిక్కు. చివరిది సబ్మిట్ చేసి "అయిపోయింది" అనుకుని కుర్చీలోంచి లేస్తారు. ఆ టిక్కు ఉంటే సబ్మిట్ అయిన వెంటనే అదే బ్యాచ్‌లో ఇంకొకటి మీ పేరు మీదకి వచ్చేస్తుంది, దాని టైమర్ ఖాళీ గదిలో నడుస్తూ ఉంటుంది. అందుకే చివరి హిట్ సబ్మిట్ చేసే ముందే ఆ టిక్కు తీసెయ్యాలి, తరవాత కాదు. రెండోది, మీ బదులు తనంతట తానే హిట్లు పట్టే స్క్రిప్టు. దాన్ని పాజ్ చేసినా అప్పటికే పంపిన రిక్వెస్టుకి హిట్ దొరకొచ్చు. పాజ్ చేసి ఓ పది సెకన్లు ఆగి worker.mturk.com/tasks పేజీ రిఫ్రెష్ చేయండి. అక్కడ కనిపించేదే మీ అసలు క్యూ. స్క్రిప్టు విండోలో చూపించే అంకెని నమ్మకండి.

ఇక లెక్క. ఒక్కో హిట్‌కీ రెండు అంకెలు చూడాలి: ఇంకా ఎంత టైం మిగిలింది, చెయ్యడానికి ఎంత పడుతుంది. డబ్బు ఎక్కువ వచ్చేది ముందు చేద్దామనిపిస్తుంది గానీ, టైం ముందుగా తీరిపోయేదే ముందు చెయ్యాలి.

మీ పరిస్థితికి దగ్గరగా ఒక క్యూ వేసి చూద్దాం. టైం 7:40. ఎనిమిదికి లేవాలి, 8:40కి తిరిగి కూర్చుంటారు. క్యూలో ఫొటోలకి లేబుల్ పెట్టే హిట్లు నాలుగు ఉన్నాయి, మిగిలిన టైం వరసగా 6, 7, 8, 9 నిమిషాలు, ఒక్కోటి 2 నిమిషాల పని. ఒక సర్వేకి 52 నిమిషాలు ఉంది, చెయ్యడానికి 15 పడుతుంది. రసీదులు టైపు చేసేవి రెండు, వాటికి 55 నిమిషాలు ఉంది, ఒక్కోటి 5 నిమిషాలు. 20 గంటల టైం మిగిలిన ఆడియో టైపింగ్ ఒకటి.

లేబుళ్లు వరసలో చేస్తే 2, 4, 6, 8 నిమిషాల దగ్గర పూర్తవుతాయి. నాలుగూ గడువులోపే, కానీ చివరిదానికి మిగిలేది ఒక్క నిమిషమే. మధ్యలో ఫోనెత్తితే అది పోయినట్టే. 7:48కి అవి అయిపోతాయి, మీ దగ్గర 12 నిమిషాలున్నాయి. సర్వే 8:32కి, రసీదులు 8:35కి తీరిపోతాయి. మీరు వచ్చేది 8:40కి కాబట్టి ఈ రెంటిలో ఏదీ బ్రేక్ తరవాతకి మిగలదు. పన్నెండు నిమిషాల్లో సర్వే పట్టదు, రసీదులు రెండూ పడతాయి. కాబట్టి సర్వే తెరవకుండానే Return కొట్టి వెనక్కి ఇచ్చేసి, రసీదులు 7:58కి ముగించి లేవండి. ఆడియోని కదపక్కర్లేదు, భోజనం చేసి వచ్చి తీరిగ్గా చేసుకోవచ్చు.

ఒకవేళ ఆ సర్వే అప్పటికే సగం చేసి ఉంటే లెక్క తిరగబడుతుంది. మిగిలిన ఏడెనిమిది నిమిషాల్లో అది ముగించి, ఒక రసీదుని Return చెయ్యాలి. రెండోదానికి కూడా టైం చాలేలా లేకపోతే దాన్నీ వదిలెయ్యండి. సర్వే మధ్యలో బ్రేక్ మాత్రం వద్దు. సర్వే నడిచేది చాలాసార్లు వేరే సైటులో. మళ్లీ వచ్చేసరికి అక్కడి సెషన్ మొదటికి రావచ్చు. లేదా సర్వే పూర్తిచేశారని చివర్లో ఇచ్చే కోడ్ చేతికొచ్చినా ఇక్కడ హిట్ తీరిపోయి, ఆ కోడ్ పెట్టడానికి చోటే ఉండదు.

Return అంటే చాలామందికి భయం, తమ పనిలో ఎంత ఆమోదం పొందిందో చూపించే అప్రూవల్ శాతం పడిపోతుందని. ఆ శాతం లెక్క వేసేది మీరు సబ్మిట్ చేసిన వాటి మీద, కాబట్టి వెనక్కి ఇచ్చినది అందులోకి రాదు. పైగా ఇచ్చిన వెంటనే అది వేరేవాళ్లకి దొరుకుతుంది. వదిలేసి వెళ్తే టైమర్ తీరేదాకా అది ఎవరికీ అందదు. 24 గంటల హిట్ అయితే పని పెట్టినాయనకి ఒక రోజంతా ఆగిపోయినట్టే.

టైమర్ తక్కువ ఉండే బ్యాచ్‌లు మీ కేసులో అసలు దొంగలని నా అనుమానం. క్యూలో 25 దాకా పెట్టుకోవచ్చు కదా అని పెట్టేస్తారు. 10 నిమిషాల టైమర్, ఒక్కోటి రెండున్నర నిమిషాల పని అనుకుందాం. ఆరు ఒకేసారి పడితే నాలుగోది సరిగ్గా పదో నిమిషానికి పూర్తవుతుంది, అంటే అదే అంచున ఉంది. అయిదు, ఆరు ఎలాగూ పోతాయి. ఇలాంటి బ్యాచ్‌లో మూడుకి మించి చేతిలో ఉంచకండి. ఇందులో బ్రేక్ తప్పేమీ లేదు, ఎక్కువ పట్టడమే తప్పు.

అలారం ఫోన్లో పెట్టండి, బ్రౌజర్‌లో కాదు. క్రోమ్‌లో ఒక ట్యాబ్ వెనక్కి వెళ్లి అయిదు నిమిషాలు దాటితే దాని టైమర్లని నిమిషానికి ఒక్కసారే లేపే పరిస్థితి ఉంటుంది. ల్యాప్‌టాప్ నిద్రలోకి పోతే అదీ ఉండదు. ఆ లేబుల్ హిట్లలాంటి వాటికి ఒక్క నిమిషం ఆలస్యమే చాలు.

మన వైపు ఇంకో రెండు సంగతులు చూసుకోవాలి. పని ఎక్కువగా వచ్చేది అమెరికా ఆఫీసు వేళల్లో. అక్కడ తూర్పు తీరంలో ఉదయం తొమ్మిదంటే మనకి వేసవిలో సాయంత్రం 6:30, శీతాకాలంలో 7:30. మార్చి రెండో ఆదివారం, నవంబరు మొదటి ఆదివారం వాళ్లు గడియారం మార్చినప్పుడల్లా ఇది గంట జరుగుతుంది. మీ ఎనిమిది గంటల బ్రేక్ సరిగ్గా హిట్లు దిగే వేళలో పడుతోంది. వంట ఆరింటికి ముందే ముగించగలిగితే, ఎనిమిదికి లేచేది వడ్డించడానికే కాబట్టి 40 నిమిషాల బ్రేక్ 20కి దిగుతుంది. పై లెక్కలో తిరిగి కూర్చునేది 8:20కి అయితే సర్వేకి 12 నిమిషాలు మిగిలేవి. అదీ చాలదు, చూడండి. కానీ రసీదులు మాత్రం బ్రేక్ తరవాత కూడా పట్టేవి.

రెండోది కరెంటు. గాలి లేస్తే పోతుంది. ల్యాప్‌టాప్ బ్యాటరీ ఉన్నా రూటర్ ఆగిపోతుంది కాబట్టి క్యూ పేజీని ఫోన్ బ్రౌజర్‌లో ముందే లాగిన్ చేసి ఉంచండి. చెయ్యలేనివి ఫోన్ నుంచే Return చెయ్యడానికి నిమిషం పట్టదు. తుపాను హెచ్చరిక ఉన్న రోజుల్లో గంటల తరబడి టైమరున్నవాటిని కూడా వదిలెయ్యండి. 2018 అక్టోబరులో తిత్లీ పలాస దగ్గర తీరం దాటాక ఉద్దానంలో కరెంటు రోజుల తరబడి రాలేదు. అలాంటప్పుడు 24 గంటల గడువు ఉన్నదీ 10 నిమిషాల గడువు ఉన్నదీ ఒక్కటే.