కుక్కతో హన్మకొండ నుంచి ఫ్రాంక్‌ఫర్ట్‌కు: ముందు చిప్, తర్వాతే టీకా

హన్మకొండ నుంచి ఒక చెల్లెలు అడిగారు. భర్త ఉద్యోగం ఫ్రాంక్‌ఫర్ట్‌లో, ఇంట్లో రెండేళ్ల లాబ్రడార్. ఏటా రేబిస్ టీకా వేయిస్తున్నారు, పుస్తకంలో అన్నీ రాసి ఉన్నాయి. వచ్చే నెలలో కుక్కను కూడా తీసుకెళ్లవచ్చా అని ప్రశ్న. వీలుకాదు. ఈ రోజు మొదలుపెట్టినా నాలుగు నెలలకు పైగా పడుతుంది. డబ్బు పెట్టినా ఈ గడువు తగ్గదు.

చర్మం కింద అమర్చే మైక్రోచిప్ లేని కుక్కకు వేసిన రేబిస్ టీకాను ఐరోపా సమాఖ్య లెక్కలోకి తీసుకోదు. టీకా వేసింది ఈ కుక్కకేనని రుజువు చేసేది చిప్ ఒక్కటే. అందుకే ముందు చిప్, తర్వాతే టీకా. రెండూ ఒకే రోజు చేయించవచ్చు గానీ, వరుస మారకూడదు. చిప్ ఐఎస్ఓ ప్రమాణంలో, 15 అంకెలతో ఉండాలి. వేసిన వెంటనే స్కానర్‌తో చదివించి, ఆ అంకెలను టీకా పుస్తకంలో మీ కళ్ల ముందే రాయించుకోండి. ఒక్క అంకె తేడా ఉన్నా విమానాశ్రయంలో ఆ కాగితం మీ కుక్కది కాకుండా పోతుంది. టీకా సీసా మీది స్టిక్కరు కూడా పుస్తకంలో అంటించమనండి.

టీకా వేసి కనీసం 30 రోజులు గడిచాక టైటర్ పరీక్షకు రక్తం తీయాలి. టీకాకు శరీరం ఎంత స్పందించిందో చూసే పరీక్ష ఇది. మిల్లీలీటరుకు 0.5 ఐయూ లేదా అంతకు మించి రావాలి. ఐరోపా సమాఖ్య ఆమోదించిన ప్రయోగశాల ఇచ్చిన ఫలితమే చెల్లుతుంది కాబట్టి, రక్తం తీయించే ముందే ఆ ప్రయోగశాల పేరు అధికారిక జాబితాలో ఉందో లేదో చూసుకోండి. రక్తాన్ని అలాగే పంపితే దారిలో పాడవుతుంది. మీ పశువైద్యులు సీరమ్ వేరు చేసి, చల్లగా ఉంచి పంపాలి. దరఖాస్తు మీద చిప్ సంఖ్య తప్పకుండా ఉండాలి. 0.5 రాకపోతే మళ్లీ టీకా వేయించి, మళ్లీ పరీక్ష చేయించాల్సిందే.

అందరూ తడబడేది ఇక్కడే. మూడు నెలల నిరీక్షణను ఫలితం వచ్చిన రోజు నుంచి కాదు, రక్తం తీసిన రోజు నుంచి లెక్కపెడతారు. జులై 6న చిప్, టీకా వేయించి, ఆగస్టు 8న రక్తం తీయిస్తే, నవంబరు 8 నుంచి ప్రయాణం చేయవచ్చు. ఆ తర్వాత టీకా గడువు ఒక్క రోజు దాటనిచ్చినా ఈ వరుసంతా మళ్లీ మొదటి నుంచి. గడువు దాటకుండా చూసుకుంటే మాత్రం టైటర్ పరీక్ష మళ్లీ అవసరం లేదు. కుక్కపిల్ల అయితే 12 వారాల వయసు నిండాకే టీకా చెల్లుతుంది. అంటే ఏడు నెలలకు కాస్త అటూ ఇటూ అయితే గానీ దాన్ని తీసుకురాలేరు.

ఆరోగ్య ధ్రువపత్రం చివరి అడుగు. ముందు మీ వైద్యుల దగ్గర ఆరోగ్యంగా ఉందన్న పత్రం తీసుకోండి. తర్వాత హైదరాబాద్‌లోని కేంద్ర ప్రభుత్వ పశు క్వారంటైన్ కేంద్రానికి కుక్కను స్వయంగా తీసుకెళ్లాలి. ఐరోపా నమూనాలోని ధ్రువపత్రంపై అధికారిక వైద్యులు సంతకం చేసిన నాటి నుంచి పది రోజుల్లోగా మీరు అక్కడ దిగాలి. అందుకే టికెట్ తేదీ ఖాయమయ్యాకే దీని కోసం వెళ్లండి.

విమాన సంస్థకు టికెట్ కొనేముందే ఫోను చేయండి, ఒక్కో విమానంలో కుక్కలకు ఉండే చోటు పరిమితం. లాబ్రడార్ క్యాబిన్‌లోకి పట్టదు, కింద సరుకు అరలో క్రేట్‌లో వెళ్తుంది. అందులో అది నిలబడి, తిరిగి, పడుకోగలగాలి. పగ్, బుల్‌డాగ్ లాంటి చప్పిడి ముక్కు జాతులను చాలా సంస్థలు కింద అరలో ఎక్కించవు, వాటికి ఊపిరి సరిగా ఆడదు. మత్తుమందు ఇచ్చి పంపవద్దు. మే నెల ఎండలో ప్రయాణం పెట్టుకోకండి. నవంబరు అనడానికి అదీ ఒక కారణం. జనగామ, ఘట్‌కేసర్ మీదుగా శంషాబాద్ వరకూ కారులో ఆ క్రేట్‌లోనే తీసుకెళ్లండి. నెల ముందు నుంచే అందులో పడుకోవడం అలవాటు చేయండి.

యజమాని ప్రయాణానికీ కుక్క ప్రయాణానికీ మధ్య అయిదు రోజులకు మించి తేడా ఉండకూడదు. మీ వారు ముందే వెళ్లిపోతుంటే, కుక్క కాగితాలు మీ పేరుతోనే చేయించుకోండి. దిగాక కస్టమ్స్ ఎరుపు దారిలో వెళ్లి కుక్క ఉందని చెప్పండి. అక్కడి అధికారులు చిప్ చదివి, కాగితాల్లోని సంఖ్యతో సరిచూస్తారు.